షోరూం సేల్స్ రెజ్యూమెలో నంబర్లు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: అన్నా, నల్గొండలో ఒక హోమ్ అప్లయన్సెస్ షోరూంలో మూడేళ్లుగా సేల్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేస్తున్నా. రెజ్యూమెలో "కస్టమర్లను అటెండ్ చేయడం, సేల్స్ చేయడం, స్టాక్ చూసుకోవడం, టార్గెట్లు అందుకోవడం" అని రాశా. మొన్న హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి పోతే "ఇది అందరూ రాసేదే, నీ నంబర్లు ఏవి?" అన్నారు. మా షాపులో రిపోర్టులేవీ మా చేతికివ్వరు. నంబర్లు ఎక్కడి నుంచి తేవాలి? అంచనాగా రాస్తే తప్పా?

సమాధానం:

తమ్ముడూ, నీ నంబర్లు చాలావరకు నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనే ఉన్నాయి. షాపు రిపోర్టు ఇవ్వకపోవచ్చు, ఇన్సెంటివ్ అయితే ఇచ్చింది కదా. ఆ ఇన్సెంటివ్‌ను వెనక్కి లెక్కేస్తే నీ అమ్మకం బయటికొస్తుంది. అంచనా సంగతి చివర్లో చెప్తా, ముందు అది లేకుండానే ఎంత దూరం పోవచ్చో చూడు.

నేను పదహారేళ్లుగా ఈ లైన్‌లో ఉన్నా. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర బట్టల షాపులో చీరలు మడతపెట్టే పనితో మొదలుపెట్టి, అప్లయన్సెస్‌లో ఫ్లోర్ మేనేజర్ దాకా వచ్చి, ఇప్పుడు మహబూబ్‌నగర్ వైపు షోరూంలకు మనుషుల్ని తీసుకునే పని చూస్తున్నా. నీలాంటి రెజ్యూమెలు వారానికి పదో పదిహేనో నా టేబుల్ మీదికి వస్తాయి. "కస్టమర్లను అటెండ్ చేయడం" అన్న ముక్క కనిపిస్తే కన్ను ఆగదు, కిందికి జారిపోతుంది. ఒకే కౌంటర్‌లో నిలబడ్డ ముగ్గురు అదే లైన్ రాస్తారు. ముగ్గురిలో ఎవరు బాగా అమ్మారో ఆ లైన్ చూసి చెప్పలేను.

పోయినేడాది అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మహబూబ్‌నగర్‌లో నీది లాంటి షోరూంలోనే చేసేది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు, టీవీలు. ఆమె రెజ్యూమె కూడా అచ్చం నీలాగే ఉండేది: "నెలవారీ టార్గెట్లు అందుకోవడం నా బాధ్యత." నెలనెలా అందుకున్నావా అని అడిగితే "కొన్ని నెలలు కొట్టినా సార్, కొన్ని నెలలు తప్పింది, ఎన్నో గుర్తులేదు" అంది. అక్కడి నుంచి మేం ఇద్దరం కూర్చుని ఒక ఆదివారం సాయంత్రంలో ఆ ఒక్క లైన్‌ను ఎట్లా మార్చామో చెప్తా, నీకూ అదే దారి.

మొదట అడిగింది స్లాబ్. వాళ్ల షాపులో మనిషికి నెల టార్గెట్ 6 లక్షలు. టార్గెట్ చేరకపోతే ఇన్సెంటివ్ సున్నా. చేరితే మొత్తం అమ్మకం మీద అర శాతం. టార్గెట్‌లో 120 శాతం, అంటే 7 లక్షల 20 వేలు దాటితే మొత్తం మీద ముప్పావు శాతం. నీ షాపులో స్లాబ్ వేరే ఉండొచ్చు, కానీ ఏదో ఒకటి ఉంటుంది. గుర్తులేకపోతే పక్క కౌంటర్ వాళ్లను అడుగు. స్లాబ్ అందరికీ కంఠతా వచ్చే విషయం. దాంతోపాటు ఇంకోటి కూడా తెలుసుకో: టార్గెట్ జీఎస్టీతో కలిపి లెక్కేస్తారా, తీసేసి లెక్కేస్తారా? ఏది వాడినా పర్వాలేదు, అన్ని నెలలకూ ఒకటే వాడాలి. వాళ్లది బిల్లు మీద ఉన్న మొత్తం, అంటే జీఎస్టీతో కలిపి.

తర్వాత బ్యాంకు యాప్‌లోంచి ఏప్రిల్ నుంచి మార్చి దాకా స్టేట్‌మెంట్ తీసింది. జీతం ఒకటో తారీఖున, ఇన్సెంటివ్ పదో తారీఖు ప్రాంతంలో విడిగా పడేది. నీకు రెండూ కలిపి పడుతుంటే ఫిక్స్‌డ్ జీతం తీసేస్తే మిగిలేది ఇన్సెంటివ్.

అర శాతం నెలల్లో లెక్క సులువు. 3,200 రూపాయలు పడిందనుకో, దాన్ని 0.005తో భాగిస్తే 6 లక్షల 40 వేలు. కానీ ఇక్కడే మొదటి పొరపాటు జరిగింది. ఆమె నవంబర్‌లో పడ్డ 6,600ను నవంబర్ అమ్మకం అని రాసుకుంది. అక్టోబర్ గడిలో సున్నా వచ్చింది. ఆ ఏడాది దసరా అక్టోబర్‌లో. దసరా నెలలో అప్లయన్సెస్ కౌంటర్‌లో టార్గెట్ తప్పడం ఎట్లా సాధ్యం? అప్పుడు అర్థమైంది, పదో తారీఖున పడేది పోయిన నెల డబ్బు. సున్నా అనుకున్నది సెప్టెంబర్‌ది. పెద్దల రోజులు వచ్చిన నెల, కొత్త వస్తువు కొనడానికి ఎవరూ ముందుకు రారు, సున్నా పడటంలో వింతేం లేదు. అన్నీ ఒక నెల వెనక్కి జరిపి, మార్చి అమ్మకం కోసం తర్వాతి ఏప్రిల్ స్టేట్‌మెంట్ కూడా తీసేసరికి గిరాకీ ఉన్న నెలలూ లేని నెలలూ మనకు తెలిసిన పండుగలతో సరిగ్గా కూర్చున్నాయి. నువ్వు కూడా ఇట్లాగే సరిచూసుకో. ఆషాఢంలో ఎక్కువ, దసరాకు తక్కువ వస్తున్నాయంటే నీ నెలలు జరిగాయన్నమాట.

ఆ 6,600ను ఏ రేటుతో భాగించాలి? అర శాతం అనుకుంటే 13 లక్షల 20 వేలు వస్తుంది. కానీ అంత అమ్మితే పై స్లాబ్ పడాలి, అర శాతం ఇవ్వరు. కాబట్టి ముప్పావు శాతమే. 8 లక్షల 80 వేలు. దసరాకు ఆ కౌంటర్‌లో అది నమ్మదగ్గ అంకె.

మార్చి నెలది 4,400. దీనితో కాసేపు తల గోక్కున్నాం. అర శాతం రేటులో ఎక్కువలో ఎక్కువ వచ్చేది 3,600. ముప్పావు శాతం రేటులో తక్కువలో తక్కువ వచ్చేది 5,400. మధ్యలో ఉన్న 4,400 ఆ స్లాబ్ ప్రకారం రావడానికే వీల్లేదు. అంటే ఇందులో వేరే డబ్బు ఏదో కలిసింది. చాలాసేపు ఆలోచించి "ఎండాకాలం ముందు ఒక కంపెనీ వాళ్లు ఏసీకి ఇంత అని స్కీం పెట్టారు సార్, అది కూడా అందులోనే వేశారు" అంది. ఆ బ్రాండ్ స్కీం 1,200 తీసేస్తే మిగిలింది 3,200, అంటే 6 లక్షల 40 వేలు. ఇది చెప్పకుండా 4,400ను అర శాతంతో భాగించి 8 లక్షల 80 వేలు అని రాసుకుని ఉంటే, మార్చిలో దసరా గిరాకీ జరిగిందని చెప్పినట్టయ్యేది.

ఇట్లా ఎనిమిది నెలలు తేలాయి. వాటి మొత్తం 57 లక్షల 10 వేలు. మిగిలిన నాలుగు నెలలు సున్నా. సున్నా అంటే అమ్మలేదని కాదు, 6 లక్షలు చేరలేదని. 5 లక్షల 90 వేలు అమ్మినా బ్యాంకులో పడేది సున్నానే. ఆ నెలల లెక్క బ్యాంకు చెప్పదు.

దానికి వాట్సాప్ పనికొచ్చింది. రాత్రి షట్టర్ దించే ముందు ప్రతి ఒక్కరూ గ్రూపులో క్లోజింగ్ మెసేజ్ పెడతారు కదా, ఆ రోజు ఎన్ని పీసులు, నెల మొదటి నుంచి ఇప్పటిదాకా ఎంత అని. నెల మొత్తానికి `MTD` అని రాయడం వాళ్ల అలవాటు. గ్రూపులో వెతికే చోట ఆ మూడు అక్షరాలు కొడితే నెలాఖరు మెసేజ్‌లన్నీ వచ్చాయి. జూన్ 4.9 లక్షలు, జూలై 4.6, సెప్టెంబర్ 5.1, డిసెంబర్ 5.3. మొత్తం 19 లక్షల 90 వేలు. ఇన్సెంటివ్‌తో తేలిన రెండు మూడు నెలలు కూడా మెసేజ్‌లతో పోల్చి చూశాం, కొద్దిపాటి తేడాతో కలిశాయి. తేడా ఎందుకంటే నెలాఖరున బిల్లు కొట్టి తర్వాత క్యాన్సిల్ అయిన సరుకు మెసేజ్‌లో ఉంటుంది, ఇన్సెంటివ్‌లో కోసేస్తారు. అందుకే రెండూ ఉన్న నెలలో ఇన్సెంటివ్ లెక్కే తీసుకున్నాం.

ఏడాది మొత్తం 77 లక్షలు. టార్గెట్ 72. అంటే 107 శాతం.

ఆమె మొహం చూడాలి అప్పుడు. నాలుగు నెలలు తప్పానని సిగ్గుపడుతూ వచ్చిన మనిషి, ఏడాది మీద టార్గెట్ దాటిందని అప్పటిదాకా ఆమెకే తెలియదు. లైన్ ఇట్లా రాసుకుంది:

"నెలకు 6 లక్షల టార్గెట్ మీద ఏడాదిలో 77 లక్షల గృహోపకరణాలు అమ్మాను (107 శాతం), 12 నెలల్లో 8 నెలలు టార్గెట్ దాటాను."

ఆ రెండో ముక్క వద్దంది మొదట. "నాలుగు నెలలు తప్పిందని నేనే చెప్పుకున్నట్టు కాదా సార్?" అని. ఉంచమన్నా. ఏటా పన్నెండుకి పన్నెండు నెలలూ కొట్టానని రాసేవాణ్ని చూస్తే నాలాంటివాడికి వచ్చేది అనుమానమే. పన్నెండులో ఎనిమిది అంటే ఈ ఊళ్లో, ఆషాఢమూ శూన్యమాసమూ ఉన్న మార్కెట్‌లో మంచి సేల్స్‌మన్ లెక్క. అబద్ధం చెప్పేవాళ్లు అంత నిర్దిష్టంగా చెప్పరు కూడా.

ఇంటర్వ్యూలో కూర్చున్న ఫ్లోర్ మేనేజర్ ఆ అంకెను ఏం చేస్తాడో తెలుసా? మనసులోనే భాగిస్తాడు. 77 లక్షలను పన్నెండు నెలలకు, నెలకు 26 పని రోజులకు పంచితే రోజుకు సుమారు 24,700. అంటే రోజుకో డబుల్ డోర్ ఫ్రిజ్ అంత. జిల్లా కేంద్రంలో ఒక మనిషికి అది సబబే అనిపిస్తుంది, తలూపి ముందుకు పోతాడు. అదే 3 కోట్లు అని రాశావనుకో, రోజుకు 96 వేలు. ఆషాఢంలో కూడా, వాన పడి బజారు ఖాళీగా ఉన్న మంగళవారం కూడా నాలుగు ఫ్రిజ్‌లు. అక్కడే పెన్ను కింద పెడతాడు. నీ అంకెను నువ్వే ఒకసారి రోజుకు కుదించి చూసుకో, వాళ్లు చూడకముందే.

ఇప్పుడు "పెంచాను" అన్న మాట గురించి. దీనిలో జారిపడేవాళ్లే ఎక్కువ. ఈ అమ్మాయి కూడా లెక్కలు చేతికి రాగానే ఉత్సాహంలో ఒక లైన్ రాసింది: "మూడు నెలల్లో అమ్మకాలు 91 శాతం పెంచాను." జూలైలో 4.6, అక్టోబర్‌లో 8.8, భాగిస్తే నిజంగానే 91 శాతం. లెక్క తప్పు లేదు, మాట తప్పు. జూలైలో ఆషాఢం, అక్టోబర్‌లో దసరా. పెంచింది పండుగ. మన దగ్గర చేసిన ఎవరికైనా ఇది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. పెరుగుదల చెప్పాలంటే పోయిన దసరాతో ఈ దసరాను, పోయిన ఎండాకాలంతో ఈ ఎండాకాలాన్ని పోల్చాలి. నీకు మూడేళ్ల స్టేట్‌మెంట్ ఉంది కాబట్టి నువ్వు ఇది చేయగలవు. ఆమెకు ఒక్క ఏడాదిదే దొరికింది, అందుకే మొత్తం అమ్మకం మీద "పెంచాను" అని ఎక్కడా వాడలేదు, "టార్గెట్ మీద ఇంత" అని మాత్రమే చెప్పింది.

మరి తను స్వయంగా మార్చింది ఏమీ లేదా అంటే ఉంది. అది రూపాయల్లో కాదు, స్టెబిలైజర్లలో దొరికింది. ఆమె రెజ్యూమెలో "కస్టమర్లకు యాక్సెసరీల గురించి వివరించడం" అని ఒక లైన్ ఉండేది. వివరిస్తే ఏమైంది అని అడిగా. ముందు బిల్లింగ్ కౌంటర్ దగ్గర "స్టెబిలైజర్ కూడా తీసుకోండి" అని అనేవాళ్లట. అప్పటికే జేబులోంచి డబ్బు తీసిన మనిషి "వద్దులే" అనేస్తాడు. ఒకరోజు హన్వాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మకు ఫ్రిజ్ చూపిస్తూ, ధర మాట రాకముందే ఊరికే అడిగింది: "మీ ఊళ్లె కరెంటు ఎట్లుంటది పెద్దమ్మా?" ఆమె "పొద్దుగాల బోర్లు పెడితే బల్బు మసకమసక అయితది బిడ్డా" అంది. "మరి అప్పుడు ఈ ఫ్రిజ్ సంగతేంది?" అని ఇద్దరూ మాట్లాడుకున్నారు. స్టెబిలైజర్ ఆ పెద్దమ్మే అడిగి కొన్నది. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న ముందు అడగడం మొదలుపెట్టింది. టౌన్‌లో ఉండి కరెంటు బాగుందన్నవాళ్లకు, స్టెబిలైజర్ అక్కర్లేదని కంపెనీయే చెప్పే మోడల్ తీసుకున్నవాళ్లకు అంటగట్టలేదు.

క్లోజింగ్ మెసేజ్‌లలో స్టెబిలైజర్లు విడిగా రాసేవాళ్లు కాబట్టి లెక్క దొరికింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆమె 42 ఫ్రిజ్‌లు అమ్మితే వాటితో పోయిన స్టెబిలైజర్లు 7. జనవరి నుంచి మార్చి దాకా 38 ఫ్రిజ్‌లకు 15. ఆరుగురిలో ఒకరు కొనేది కాస్తా ఐదుగురిలో దాదాపు ఇద్దరు అయ్యారు. ఏసీలను ఎందుకు కలపలేదంటే, ఏసీతో స్టెబిలైజర్ తీసుకునే అలవాటు జనానికి ముందునుంచే ఎక్కువ, పైగా ఏప్రిల్, మే నెలల్లో ఏసీలు ఎక్కువ, జనవరిలో తక్కువ. కలిపితే రెండు కాలాలకు పోలిక చెడిపోతుంది. ఫ్రిజ్‌తో ఫ్రిజ్‌నే పోల్చాం.

లైన్ ఇట్లా వచ్చింది: "డెమో సమయంలోనే ఊళ్లో ఓల్టేజీ గురించి అడగడం మొదలుపెట్టి, ఫ్రిజ్‌తో స్టెబిలైజర్ కొనేవాళ్లను 42లో 7 నుంచి 38లో 15కు పెంచాను."

శాతాల్లో రాస్తే 17 నుంచి 39 అవుతుంది, అదీ తప్పు కాదు. కానీ చిన్న సంఖ్యలు ఉన్నప్పుడు అసలు అంకెలే పెట్టడం నాకిష్టం. రెండు వారంటీలు అమ్మినవాడు నాలుగు అమ్మి "100 శాతం వృద్ధి" అని రాసుకొచ్చిన రెజ్యూమెలు చూసి చూసి విసుగొచ్చింది. ఇంకో లాభం, ఈ లైన్ ఇంటర్వ్యూలో కథ చెప్పే అవకాశం ఇస్తుంది. ఆమెను హైదరాబాద్‌లో అడిగిన మొదటి ప్రశ్న ఇదే, "ఓల్టేజీ అడగడమేంటమ్మా?" అని. పెద్దమ్మ సంగతి చెప్పింది. అక్కడి నుంచి మాట్లాడింది ఎక్కువ వాళ్లేనట.

నా సొంత తప్పు ఒకటి చెప్తా, నువ్వు చేయకుండా ఉంటావని. అప్లయన్సెస్‌లో నాలుగేళ్లు చేశాక ఒక పెద్ద షోరూంకి అప్లై చేశా. రెజ్యూమెలో "ఏడాదికి 4 కోట్ల అమ్మకాలు" అని గర్వంగా రాశా. ఎదురుగా కూర్చున్నాయన ఒక్కటే అడిగాడు, "ఫ్లోర్ మీద ఎంతమంది?" పదకొండు మందిమి అన్నా. "అందులో నీదెంత?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ 4 కోట్లు షాపుది. అది అబద్ధం కాదు, కానీ నాది కాదు. ఉద్యోగం రాలేదు, తర్వాత ఆ లైన్ చూస్తే నాకే సిగ్గేసేది. షాపు అంకె వాడాల్సి వస్తే నీ వాటా చెప్పు: "11 మంది ఉన్న ఫ్లోర్‌లో ఏడాది అమ్మకంలో మొదటి ముగ్గురిలో ఉన్నాను" అన్నట్టు. అది కూడా నిజమైతేనే, ఆ లిస్టు గ్రూపులో ఎప్పుడైనా పెట్టి ఉంటేనే.

షాపు మొత్తం టర్నోవర్, ఏ బ్రాండ్ మీద ఎంత మార్జిన్, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఇవి బయట పెట్టేవి కావు. నీ సొంత అమ్మకం చెప్పుకోవడానికి మామూలుగా ఎవరూ అడ్డు చెప్పరు. నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో లెక్కలు బయట చెప్పొద్దని రాసి ఉంటే రూపాయలు తీసేసి "టార్గెట్‌లో 107 శాతం" అని ఒక్కటే పెట్టు, పనవుతుంది. ఇంటర్వ్యూలో రుజువు అడిగితే కస్టమర్ల పేర్లున్న గ్రూపు మెసేజ్‌లు ఫోన్ తీసి చూపించకు. రేపు మా గ్రూపువి కూడా ఇట్లాగే చూపిస్తాడు అనుకుంటారు. లెక్క ఎట్లా వచ్చిందో నోటితో చెప్పగలిగితే చాలు. స్లాబ్ ఇది, ఇన్సెంటివ్ ఇంత పడింది, కాబట్టి అమ్మకం ఇంత అని చెప్పినవాణ్ని నేనైతే ఇంకేమీ అడగను.

నీ మిగతా లైన్ల విషయం త్వరగా చూద్దాం. "కస్టమర్లను అటెండ్ చేయడం" తీసెయ్, అమ్మకం అంకె చెప్పాక అది అందులోనే ఉంది. "స్టాక్ చూసుకోవడం" అంటే నువ్వేం చేశావో నాకు తెలియదు. నెలాఖరు లెక్కింపులో నీ సెక్షన్ తేడా లేకుండా వచ్చి ఉంటే ఎన్ని పీసుల సెక్షన్, ఎన్ని నెలలు అని రాయి. ఊరికే గోడౌన్ నుంచి బాక్సులు తెప్పించడమే అయితే ఆ లైన్ కూడా తీసెయ్. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పి ఉంటే ఎంతమందికి, వాళ్లలో ఎంతమంది ఇంకా ఉన్నారు అన్నది మంచి లైన్, సీనియర్ పోస్టుకు పనికొస్తుంది. ఒక ఉద్యోగం కింద నాలుగైదు లైన్లు చాలు, ప్రతిదానికీ నంబర్ ఉండాలని కూడా లేదు. నంబర్ కోసం నంబర్ తగిలించిన లైన్, "రోజుకు 100 శాతం కస్టమర్ సంతృప్తి" లాంటిది, ఉన్నవాటి విలువ కూడా పోగొడుతుంది.

ఇక అంచనా తప్పా అన్నావు. తప్పు కాదు, కానీ రెండు షరతులు. ఎట్లా కట్టావో చెప్పగలగాలి, తక్కువ వైపు కట్టాలి. ఉదాహరణకు రోజుకు ఎంతమంది కస్టమర్లతో మాట్లాడతావో నీకు రికార్డు లేదు. గుర్తు చేసుకుని "రోజుకు 40" అని రాయకు. రేపటి నుంచి మూడు వారాలు జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకో, కనీసం ధర దాకా మాట్లాడిన ప్రతి గిరాకీకి ఒక గీత, కొన్నవాళ్లకు గీత మీద అడ్డగీత. మామూలు రోజులు, ఆదివారాలు విడిగా చూడు. మామూలు రోజు 12 నుంచి 15, ఆదివారం 25 దాకా వచ్చిందనుకో, "రోజుకు 12 మందికి పైగా" అని రాయి. ఆదివారం అంకె ఎత్తుకుని ఏడాది మొత్తానికి రాయకు. ఈ నోట్‌బుక్‌తో ఇంకోటి కూడా తేలుతుంది: పది మందిలో ఎంతమంది కొంటున్నారో. అది షాపుల్లో చాలామందికి వాళ్ల గురించే తెలియని అంకె. మూడు వారాల లెక్క కాబట్టి అది మూడు వారాలదే అని చెప్పు, మూడేళ్లకు సాగదీయకు.

రెజ్యూమె ఇంగ్లీషులో వేస్తావు కాబట్టి ఒక మాట. ముందు ఇట్లా తెలుగులోనే లైన్ సరిగ్గా రాసుకో, తర్వాత మార్చు. ఇంగ్లీషులో "రెస్పాన్సిబుల్ ఫర్" అని మొదలైతే అది మళ్లీ బాధ్యతల లిస్టే అవుతుంది. "సోల్డ్", "రైజ్డ్", "ట్రెయిన్డ్" లాంటి చేసిన పని చెప్పే మాటతో మొదలుపెట్టు. లక్షలు లక్షలుగానే ఉంచు. మిలియన్లలోకి మార్చి 7.7 అని రాస్తే మన దగ్గర చదివేవాడు ఆగి లెక్కేసుకోవాల్సి వస్తుంది. అంకె లైన్ మొదటి సగంలోనే కనిపించాలి, చివర్లో దాచకు.

ఈ వారం స్టేట్‌మెంట్ తీసి మీ షాపు స్లాబ్, ఏ నెలలో ఎంత పడిందో ఇక్కడ కింద పెట్టు. షాపు పేరు వద్దు, అకౌంట్ నంబర్ ఉన్న స్క్రీన్‌షాట్ అసలే వద్దు, అంకెలు టైప్ చేస్తే చాలు. స్లాబ్‌కు కుదరని నెల ఏదైనా ఉంటే అక్కడ ఏం కలిసిందో చూద్దాం.